వీటోను «మోకాలడ్డు» అనొచ్చా?

హసీనా, కర్నూలు: భద్రతామండలి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా. వీటోకు «నిషేధాధికారం» అని రాస్తే మరీ బిగుసుకుపోయినట్టుంది. «మోకాలడ్డు» అంటే సరిపోతుందా?

ఓబులేసు, అనంతపురం: బ్రహ్మాండంగా సరిపోతాదక్కా. మసూద్ అజహర్‌ను ఉగ్రవాదుల జాబితాలో చేర్చే విషయంలో చైనా ఏండ్ల తరబడి వీటో వేసి మోకాలడ్డలేదా?

సుబ్బరాయుడు, కడప: అది మోకాలడ్డడమే ఓబులేసూ, వీటో మాత్రం కాదు. ఆ పేరు నడిచింది మండలి కింది ఆంక్షల కమిటీలో. అక్కడ పదిహేను మందీ ఒప్పుకోవాల. రెండేండ్లకని వచ్చిన సభ్యుడు ‘ఆపండి’ అన్నా ఆగుతుంది. చైనా పట్టు వదిలాక 2019 మే 1న పేరు చేరింది. వీటో అంటే ఐదుగురు శాశ్వత సభ్యుల్లో ఒకరు మండలిలో చెయ్యెత్తి వేసే వ్యతిరేక ఓటు. చార్టర్‌లో ఆ మాటే లేదు. 27వ అధికరణం అడిగేది తొమ్మిది అనుకూల ఓట్లు, వాటిలో శాశ్వత సభ్యుల సమ్మతి.

పద్మావతి, ప్రొద్దుటూరు: సమ్మతి అంటే ఐదుగురూ చెయ్యెత్తాల్సిందే కదా సార్? ఒకరు తటస్థంగా ఉన్నా తీర్మానం పడిపోవాల.

సుబ్బరాయుడు: అక్షరాలు చూస్తే అట్లే ఉందమ్మా, వాడుక వేరు. తటస్థ ఓటు తీర్మానాన్ని ఆపదు. అంతర్జాతీయ న్యాయస్థానం 1971లో నమీబియా విషయంలో ఆ వాడుకనే ఒప్పుకుంది. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ తీర్మానానికి 11 మంది అనుకూలం, రష్యా వ్యతిరేకం. చైనా, ఇండియా, యూఏఈ తటస్థం. పడిపోయింది. 27న విషయాన్ని సర్వప్రతినిధి సభ అత్యవసర సమావేశానికి పంపాలా అని ఓటు పెట్టినారు. మళ్లీ అదే 11, 1, 3. ఈసారి నెగ్గింది! అది కార్యవిధానానికి సంబంధించిన ఓటు, ఎవరివైనా తొమ్మిది చాలు. మార్చి 2న సభ 141 ఓట్లతో రష్యాను తప్పుబట్టింది. కానీ సభ మాటతో ఆంక్షలు పడవు, సైన్యం కదలదు.

వెంకటేశ్, ఆదోని: మా అపార్ట్‌మెంటులో లిఫ్టు రిపేరుకు ఒకాయన ఎప్పుడూ ఒప్పుకోడు. అది వీటోనా?

ఓబులేసు: బైలాలో ఆయన ఓటుకు ప్రత్యేక బలం రాసుంటే వీటో. లేకుంటే వట్టి మొండితనం అన్నా.

హసీనా: వ్యాసంలో «వీటోను రద్దు చేయాలి» అనే డిమాండు కూడా ఉంది. అది జరిగే పనేనా?

సుబ్బరాయుడు: 108వ అధికరణం చూడు తల్లీ. సవరణకు 193లో 129 దేశాలు సభలో ఒప్పుకోవాల, తర్వాత మూడింట రెండొంతుల దేశాలు ఇంటికి పోయి ధ్రువీకరించాల, వాటిలో ఆ ఐదూ ఉండాల. 1965లో సభ్యుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగింది గానీ వీటో జోలికి ఎవరూ పోలేదు. 2005లో ఇండియా, జపాన్, జర్మనీ, బ్రెజిల్ పెట్టిన ముసాయిదాలో కొత్త శాశ్వత సభ్యులు 15 ఏండ్ల తర్వాత సమీక్ష జరిగేదాకా వీటో వాడరని రాసుకున్నారు. అంత తగ్గినా అది ఓటుదాకా రాలేదు.

పద్మావతి: వీటో లేని శాశ్వత కుర్చీ ఎందుకు సార్? ఊరికే కూర్చోడానికా?

సుబ్బరాయుడు: రెండేండ్ల కుర్చీ కోసం మళ్లీ మళ్లీ ఓట్లు అడుక్కునే పని తప్పుతుంది. అదీ చిన్నది కాదు.

హసీనా: సరే, «వీటో»నే ఉంచుతా. «వీటో చేసింది» అనాలా, «వేసింది» అనాలా?

సుబ్బరాయుడు: అది కూడా ఓటే కాబట్టి «వేసింది».

ఓబులేసు: పేపర్లలో «చేసింది» అనే చూస్తాం సార్. చెవికి అదే బాగుంది.