పాట చివర ట్యాగ్ లైన్: ముగించాలా, ఫేడ్ చేయాలా?

చిన్నస్వరం: జి మేజర్‌లో పాట, టెంపో 84. పల్లవి చివరి లైన్ "ఇల్లు చేరేదాకా నడుస్తా". అవుట్రోలో దీన్నే తిప్పి తిప్పి పాడి ఫేడ్ చేశాను. విన్నవాళ్లు "అయిపోయిందా?" అని అడుగుతున్నారు. ఇదే లైన్‌తో శుభ్రంగా ముగించడం ఎలా?

ఆరోతీగ: ఆ లైన్ కింద కార్డ్స్ ఏంటి? గొంతు ఏ స్వరం మీద ఆగుతుంది? ఎన్నిసార్లు తిప్పారు?

చిన్నస్వరం: సి ఒక బార్, డి ఒక బార్, జి రెండు బార్లు. "స్తా" జి మీద ఆగుతుంది. ఎనిమిదిసార్లు తిప్పాను, చివరి నాలుగింటిలో ఫేడ్.

వీడియోబాబు: నేనూ ట్యాగ్ లైన్‌తోనే ముగిస్తాను. మా ఛానెల్లో ప్రతి వీడియో చివర "మళ్లీ కలుద్దాం" అని రెండుసార్లు వేసి, మ్యూజిక్ కట్ చేస్తాం. బాగా గుర్తుంటుంది.

ఆరోతీగ: వీడియోబాబు గారూ, ఇక్కడ అడిగింది పాట గురించి.

చిన్నస్వరం గారూ, చిక్కు ఫేడ్ దగ్గర లేదు, దానికి ముందే ఉంది. డి నుంచి జికి వచ్చి, గొంతు కూడా జి మీదే ఆగితే వినేవాడి చెవికి పాట అక్కడే ముగిసింది. ఆ తర్వాత మీరు తిప్పిన ప్రతిసారీ అది మళ్లీ ముగుస్తోంది. ఈ టెంపోలో నాలుగు బార్లంటే 11 సెకన్లకు పైనే. ఎనిమిదిసార్లంటే నిమిషంన్నర. అంతసేపు ముగుస్తూనే ఉన్న పాట మెల్లగా వినబడకుండా పోతే "అయిపోయిందా?" అనే అడుగుతారు.

కాబట్టి ముందు ఆ ముగింపును ఆపండి. చివరి పల్లవిలో ఆ లైన్ వచ్చినప్పుడు సి, డి తర్వాత జి బదులు ఇ మైనర్ వేయండి. ట్యూన్ మార్చక్కర్లేదు. మీరు పాడే జి స్వరం ఇ మైనర్ కార్డులోనూ ఉంది కాబట్టి గొంతు అదే చోట ఆగుతుంది, కింద నేల మాత్రం మారుతుంది. ఇంకా ఏదో రావాలి అనిపిస్తుంది. అప్పుడే అదే లైన్ మళ్లీ పాడండి, మళ్లీ ఇ మైనర్. మూడోసారి డి మీద ఒక బార్ ఎక్కువ ఉండండి, డ్రమ్స్ ఆపండి, అప్పుడు జికి రండి. వేగం తగ్గించాలనుకుంటే ఆ డి దగ్గరే తగ్గించండి. అంతకుముందు తగ్గిస్తే బ్యాండ్ అలసిపోయినట్టు ఉంటుంది.

ఒకటి మర్చిపోకండి. ఇ మైనర్ దగ్గర బేస్ ఇ మీదకు వెళ్లి తీరాలి. అలవాటుకొద్దీ బేస్ జి మీదే ఉండిపోతే అది దాదాపు జి కార్డులాగే వినబడుతుంది, చేసిన పనంతా వృథా. అనుమానం వస్తే బేస్, గొంతు తప్ప అన్నీ మ్యూట్ చేసి వినండి.

మిక్సుబల్ల: మూడుసార్లు, మూడోసారి స్లో. విన్నవాళ్లు రెండోసారికే కనిపెట్టేస్తారు. అరిగిపోయిన పద్ధతి ఇది.

ఫేడ్ అంటే చేతగానితనం అన్నట్టు మాట్లాడకండి. హోల్‌స్ట్ 'ది ప్లానెట్స్' 1918లో మొదటిసారి వినిపించారు. అందులో చివరిదైన 'నెప్ట్యూన్'లో ఆడవాళ్ల కోరస్ పక్క గదిలో ఉంటుంది. చివరి బార్‌ను తిప్పి తిప్పి పాడుతుంటే ఆ గది తలుపు నెమ్మదిగా మూస్తారు. రికార్డుల్లో ఫేడ్ మామూలవ్వకముందే వేదిక మీద చేసిన ఫేడ్ అది. చిన్నస్వరం గారి తప్పల్లా ఫేడ్‌ను 45 సెకన్లు సాగదీయడమే. 12 సెకన్లకు తగ్గిస్తే సరిపోతుంది.

ఆరోతీగ: మీ ఉదాహరణ నా మాటనే చెబుతోంది. ఆ తలుపు ఎప్పుడు మూయాలో హోల్‌స్ట్ స్కోరులోనే రాసి పెట్టాడు. పాట అయ్యాక మిక్సింగ్‌లో ఫేడర్ దించడం కాదది. ఇక మూడు సంగతి. మృదంగంలో ముక్తాయింపు మూడుసార్లే వస్తుంది, వినేవాళ్లు కనిపెట్టడం వల్లే ఆ చివరి దెబ్బకు అంత బలం.

మిక్సుబల్ల: అది లెక్కతో నడిచేది. ఇక్కడ మాటలున్న లైన్ ఉంది. రెండుసార్లు చాలు.

ఆరోతీగ: ఒక్కసారి ఇ మైనర్‌కి వెళ్లి రెండోసారికే జికి వస్తే, మొదటిది పొరపాటున వేసిన కార్డులా ఉంటుంది. కావాలని చేశారని తెలియాలంటే ఇంకోసారి పడాలి.

మిక్సుబల్ల: అది మీ చెవి.

గొంతునాది: ఫేడ్ అంటేనే నాకు మండుతుంది. ఒక స్టూడియోలో పాట పాడి వచ్చాను. చివరి మాట మీద మంద్రంలోకి దిగి, ఊపిరి ఉన్నంతసేపు పట్టాను. నన్ను అడక్కుండా ఆ దిగడానికి ముందే ఫేడ్ పెట్టేశారు. ఎందుకని అడిగితే "నిడివి తగ్గించాం" అన్నారు. పాట ఎక్కడ ఆగాలో పాడినవాళ్లను అడగాలి కదా!

మిక్సుబల్ల: అమ్మా, అది మనుషుల తప్పు, ఫేడ్ తప్పు కాదు.

గొంతునాది: ఫేడ్ అనే సౌకర్యం ఉంది కాబట్టే కదండీ చేశారు? డి మీద ఆపి జికి వచ్చే పాటను మధ్యలో కోయగలరా?

మిక్సుబల్ల: మీరంతా కార్డ్స్ పట్టుకుని కూర్చున్నారు, లైన్ ఒక్కరూ చదవలేదు! "ఇల్లు చేరేదాకా నడుస్తా." అతను ఇంకా చేరలేదు. నడుస్తూనే ఉన్నాడు. అలాంటివాడిని తీసుకొచ్చి జి మేజర్‌లో కూర్చోబెడితే అబద్ధం కాదా? నేను ఫేడ్ అంటున్నది అందుకే. పాట వెళ్లిపోతుంది, అతను నడుస్తూ ఉంటాడు.

ఆరోతీగ: ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఇది ఆలోచించాల్సిందే. కానీ దానికీ ఫేడ్ ఒక్కటే దారి కాదు. చివరి జి కార్డు మీద గొంతును జి దాకా దించకుండా బి మీద ఆపండి. వాద్యాలు ఇంటికి చేరతాయి, మనిషి ఇంకా కొంచెం దూరంలో ఉంటాడు. మొదటి రెండుసార్లు జి మీద ఆగి, చివరిసారి మాత్రమే బి మీద ఆగితే ఆ తేడా అందరికీ తెలుస్తుంది.

చిన్నస్వరం: ఒక సంగతి నేను రాయలేదు. చివరి చరణంలో అతను గుమ్మం దాకా వస్తాడు.

మిక్సుబల్ల: వచ్చాక ఇంకా "నడుస్తా" ఏంటండీ?

గొంతునాది: అయితే చివరిసారి "ఇల్లు చేరేదాకా నడిచా" అని పాడండి. మూడు అక్షరాలే, ట్యూన్‌లో కూర్చుంటుంది.

ఆరోతీగ: కూర్చుంటుంది కానీ ఒక ఇబ్బంది. "నడుస్తా"లో "డు" గురువు, వెనక ఒత్తక్షరం ఉంది కాబట్టి డి కార్డు మీద దాన్ని హాయిగా సాగదీయొచ్చు. "నడిచా"లో "డి" లఘువు. అక్కడే సాగదీస్తే "నడీచా" అని వినబడుతుంది. సాగదీయడం "చా" మీదకు జరపాలి, అంటే డి కార్డు మీదే "చా" మొదలుపెట్టి, దాన్ని పట్టుకునే జికి దిగాలి. ఇంకో సందేహం కూడా ఉంది. మాట మారిస్తే వెంట పాడుతున్న జనం సరిగ్గా ఆ చివరి మాట దగ్గరే తడబడతారు. నేనైతే మార్చను.

గొంతునాది: తడబడనివ్వండి. అప్పుడే కదా అతను చేరాడని తెలిసేది.

మిక్సుబల్ల: ఈ ఒక్క విషయంలో ఆవిడతో ఏకీభవిస్తాను. "నడిచా" అయితే ముగింపు ఉండాలి. "నడుస్తా" అయితే నాది ఫేడే.

చిన్నస్వరం: రెండూ రికార్డ్ చేస్తాను. క్లిక్‌తో తీసిన పాట కదా, చివరి డి దగ్గర వేగం ఎలా తగ్గించాలి?

ఆరోతీగ: ఆ బార్ నుంచి క్లిక్ తీసేయండి. గొంతు, గిటార్ ఒకేసారి ఒకరినొకరు చూసుకుంటూ వాయించి తీసుకోండి, బేస్ దాని మీద తర్వాత వేయించండి. పెట్టేటప్పుడు బేస్ ట్రాక్ విడిగా కూడా పెట్టండి, నేను ముందు అదే వింటాను.