‘గది పెరిగితే ధర తగ్గుతుంది’ అని రాయొచ్చా?

పోస్టు (తిరుపతి): అందరికీ నమస్కారం. మా చెల్లెలు స్టాటిస్టిక్స్ చదువుతా ఉంది, ఇక్కడి 40 ఫ్లాట్ల ధరలు సేకరించి, ధర దేన్ని బట్టి ఎంత మారుతుందో చూసే రిగ్రెషన్ లెక్క చేసింది, రిపోర్టు తెలుగులో రాయాల. చదరపు అడుగులు ఒక్కటే పెడితే అడుగుకి 4,500 రూపాయలు వచ్చింది. గదుల సంఖ్య కూడా కలిపితే అడుగుకి 5,460, గదికి మైనస్ 2,40,000 వచ్చింది. దాన్ని ‘గది పెరిగితే ధర 2,40,000 తగ్గుతుంది’ అని రాసింది. వ్యాకరణం బాగానే ఉంది గానీ చదివితే మనసు ఒప్పుకోవడం లేదు. ఎట్ల రాయాల? లెక్కలో పెట్టిన అంశాలు ఒకదానితో ఒకటి కలిసే మారడాన్ని మల్టీకోలీనియారిటీ అంటారు కదా, దానికి తెలుగు మాట ఉంటే అదీ చెప్పండి.

మదనపల్లె: బహుసరేఖీయత అనొచ్చు. ఒకే గీత మీదుండే చుక్కల్ని సరేఖీయ బిందువులనే కదా బళ్ళో చదివినాం. ఇంగ్లీషు మాట 1930ల్లో నార్వే ఆర్థికవేత్త రాగ్నార్ ఫ్రిష్ రాతల్లోంచి వచ్చింది.

పీలేరు: మాట సంగతి తర్వాత, ముందు లెక్కే తప్పు. అడుగులకీ గదులకీ సహసంబంధం ఎంతుందో చూడమనండి, 0.9 దాటి ఉంటే గదుల కాలమ్ తీసేయాల. అది ఉన్నంతకాలం మోడల్ చెప్పే ధర ఏదీ నమ్మలేం.

పోస్టు: చూసినాం అన్నా, 0.95.

చిత్తూరు: మేం హాల్లో చెక్క పార్టిషన్ పెట్టి ఇంకో గది చేయాలనుకుంటా ఉండాం, అయితే మా ఇంటి విలువ రెండున్నర లక్షలు పడిపోతుందా? మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చేసినాం.

కొర్లగుంట: చిత్తూరు అన్నా, మీ ఇంటి గురించి ఈ 40 ఫ్లాట్లు ఏమీ చెప్పలేవు, కానీ ఆ అంకె దేని గురించో మీరే సరిగ్గా పట్టుకున్నారు. రెండు కాలమ్‌లూ కలిసి ఉన్నప్పుడు గది పక్కనొచ్చే అంకెకి అర్థం ‘ఇంటి వైశాల్యం మారకుండా ఇంకో గది’ అని. అంటే మీ పార్టిషనే. జనం ‘గది పెరిగితే’ అనేటప్పుడు అనుకునేది వేరే, గదితో పాటు జాగా కూడా పెరిగిందని. ఈ ఫ్లాట్లలో సుమారు 250 అడుగులకి ఒక గది చొప్పున పెరుగుతా ఉంది అనుకుందాం. అప్పుడు 250ని 5,460తో గుణిస్తే 13,65,000, అందులో 2,40,000 తీస్తే 11,25,000. అదే 250ని 4,500తో గుణించినా 11,25,000 వస్తుంది. ఒకటి పెట్టినా రెండు పెట్టినా మామూలు గది విలువ మారలేదు, దాన్ని రెండు కాలమ్‌లకి పంచడమే మారింది.

పీలేరు తమ్ముడు చెప్పింది సగం నిజం. 0.95 అంటే, కాలమ్‌లు కలిసిపోవడం వల్ల అంకెల్లో ఊగిసలాట ఎంత పెరిగిందో చెప్పే వీఐఎఫ్ పది దాటుతుంది, అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ మూడింతలకి పైగా పెరుగుతుంది. కానీ మిగతా ఫ్లాట్ల మాదిరిగానే ఉండే కొత్త ఫ్లాట్‌కి మోడల్ చెప్పే ధర దీనివల్ల చెడిపోదు. 1,500 అడుగుల్లో రెండే గదులుండే ఇల్లు తెస్తే మాత్రం నమ్మొద్దు, అట్లాంటిది అది చూడనే లేదు. చెల్లెమ్మా, గదుల స్టాండర్డ్ ఎర్రర్ ఎంత?

పోస్టు: 2,90,000 అక్కా.

కొర్లగుంట: అంకె కంటే ఎర్రరే పెద్దదిగా ఉంది. అటూ ఇటూ దానికి రెండింతలు వేసుకుంటే మైనస్ 8,20,000 నుంచి ప్లస్ 3,40,000 దాకా ఏదైనా కావచ్చు. ‘తగ్గుతుంది’ అని తేల్చి రాసే హక్కు ఈ డేటా ఇయ్యలేదు. ఒక పని చేయండి, ఏవైనా నాలుగైదు ఫ్లాట్లు తీసేసి మళ్ళీ నడపండి, గదుల గుర్తు మైనస్ నుంచి ప్లస్‌కి దూకినా దూకుతుంది.

పీలేరు: అందుకే తీసేయమంటా ఉండా అక్కా.

కొర్లగుంట: తీసేస్తే ఆ 4,500లో గదుల ప్రభావం కూడా కలిసిపోయి ఉంటుంది, దాన్ని ఉత్త జాగా రేటు అని రాయకూడదు. ధర అంచనా వేయడమే పని అయితే తీసేయండి, పర్వాలేదు. ఒకే వైశాల్యంలో గది ఎక్కువుంటే ఏమవుతుందన్నదే ప్రశ్న అయితే తీసేస్తే ప్రశ్నే పోతుంది. అప్పుడు అడుగులు దగ్గరదగ్గరగా ఉండి గదులు తేడాగా ఉండే ఫ్లాట్లు ఇంకా వెతకాల, వేరే దారి లేదు.

మదనపల్లె: స్థలాన్ని అంకణాల్లో ఒక కాలమ్, అడుగుల్లో ఇంకో కాలమ్ పెడితే కూడా ఇట్లే అవుతుందా?

కొర్లగుంట: అది ఇంకా ముదిరిన కేసు. ఒకదాన్ని గుణిస్తే రెండోది అచ్చంగా వచ్చేస్తుంది, పంచడానికి ఏ దారీ ఉండదు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ చేసే `lm()` రెండోదాని పక్కన `NA` అని చూపిస్తుంది. గదుల విషయంలో మాత్రం అంకె వస్తుంది, అందుకే కనిపెట్టడం కష్టం.

పోస్టు: ఇట్ల మార్చినాం: ‘వైశాల్యం అంతే ఉండి గది ఒకటి ఎక్కువైతే ధర తగ్గుతుందో పెరుగుతుందో ఈ 40 ఫ్లాట్లతో తేలలేదు, గదులూ వైశాల్యమూ కలిసే పెరుగుతున్నాయి.’

మదనపల్లె: ‘అంతే ఉండి’ కంటే ‘మారకుండా’ నయం. ‘అంతే’ అంటే ఎంత అని అడుగుతారు.

పీలేరు: వాక్యం బాగుంది. గదుల కాలమ్ ఉంచడం మాత్రం నేను ఒప్పుకోను.