రిక్రూటర్ పేరూ హోదా తప్పు రాస్తూనే ఉన్నారు, మర్యాదగా ఎలా చెప్పాలి?

లలిత_క: పొద్దున్నుంచి ఒక్క మెయిల్ రాస్తూ చెరిపేస్తూ కూర్చున్నా, ఇంక తల పనిచేయట్లేదు. రిక్రూటర్ నన్ను లత గారూ అంటున్నారు, ఒకసారి లతిక అన్నారు. హోదా కూడా అసిస్టెంట్ మేనేజర్ అని రాస్తున్నారు. ఫోన్లో రెండుసార్లు చెప్పా, సరే అన్నారు, మళ్లీ అదే. గట్టిగా అంటే అవకాశం పోతుందేమోనని భయం.

మూడోబెంచి: మెయిల్ కింద సంతకంలో పేరు ఉంటుందిగా. వదిలేయండి.

పాతకాపు: వదిలేయడం ఏంటండీ! మనిషికి పేరే మొదటి మర్యాద. మా ఆఫీసులో ఒకాయన నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచేవాడు, నేను మూడు నెలలు పలకలేదు, అప్పుడు దారికొచ్చాడు.

హెచ్‌ఆర్‌లో_పదేళ్లు: రిక్రూటర్‌కి పలకకపోతే ఇంటర్వ్యూ పోతుంది సార్. లలిత గారూ, అసలు సంగతి చెప్పలేదు మీరు. మీ నిజమైన హోదా ఏంటి, ప్రొఫైల్ కంపెనీకి పంపేశారా?

లలిత_క: సీనియర్ అనలిస్ట్. పంపేశారు, గురువారం ఇంటర్వ్యూ.

హెచ్‌ఆర్‌లో_పదేళ్లు: అయితే పేరు కంటే హోదా ముందు చూసుకోండి. పేరు ఒక్కోసారి ఒక్కోలా వస్తోందంటే చేత్తో తొందరగా టైప్ చేస్తున్నారన్నమాట, హోదా ప్రతిసారీ అదే తప్పు వస్తోందంటే వాళ్ల రికార్డులోనే అలా ఉంది. ఫోన్లో చెప్తే రికార్డు మారదు. రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మీ కంపెనీ సీనియర్ అనలిస్ట్ అంటే, పెంచి చెప్పింది మీరే అనుకుంటారు. వాళ్ల చివరి మెయిల్‌కే రిప్లై ఇచ్చి, మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి, కింద పెడితే చదవరు:

"గురువారం ఇంటర్వ్యూకి సిద్ధంగా ఉన్నానండి. ఒక చిన్న సవరణ, నా పేరు లలిత, ప్రస్తుత హోదా సీనియర్ అనలిస్ట్. కంపెనీకి పంపిన ప్రొఫైల్‌లో కూడా ఇలాగే మార్చి, మార్చాక ఒక మాట చెప్పగలరా?"

"మళ్లీ", "ఇదివరకే చెప్పాను" లాంటి మాటలు వద్దు. వాళ్ల మేనేజర్‌ని కాపీలో పెట్టొద్దు.

మూడోబెంచి: హోదా వేరు, రోల్ వేరు. చేసే పని అసిస్టెంట్ మేనేజర్‌దే అయితే అది తప్పెలా అవుతుంది?

హెచ్‌ఆర్‌లో_పదేళ్లు: పని గురించి ఇంటర్వ్యూలో ఎంతైనా చెప్పుకోవచ్చు. హోదా గడిలో మాత్రం ఆఫర్ లెటర్లోనో ఆ తర్వాతి ప్రమోషన్ లెటర్లోనో ఉన్న మాటే ఉండాలి.

మూడోబెంచి: చాలా కంపెనీల్లో లెటర్లో ఒకటి, ఇంట్రానెట్‌లో ఇంకొకటి ఉంటుంది. అప్పుడు?

పాతకాపు: అసలు హోదాల పిచ్చి ఎక్కువైపోయింది.

లలిత_క: ఇప్పుడే చూశా, జాబ్ పోర్టల్‌లో నా పాత రెజ్యూమే ఉంది, వెనకటి కంపెనీలో అసిస్టెంట్ మేనేజర్‌నే. అది మార్చి మెయిల్ పంపేశా. థాంక్సండీ. ఇంకా జవాబు రాలేదు.

పాతకాపు: ఈసారి లత అంటే పలకకండి.