రెండో వరుసలో x2 ఎక్కడికి పోయింది?

మొదటేడు_బీటెక్: ఆర్‌ఆర్‌ఈఎఫ్ సరిగ్గానే తెచ్చాను, జవాబు మాత్రం తప్పింది. చివరి నిలువు వరుస కుడివైపు విలువలు.

```
1 -2  0  3 | 5
0  0  1 -1 | 2
0  0  0  0 | 0
```

రెండో వరుస కదా అని x2 = 2 + x4 అని రాసి, x3 ఫ్రీ అన్నాను. 5 మార్కులకు 1 వేశారు.

గోదారోడు: తమ్ముడూ, వరుస నంబరు చూసి వేరియబుల్ పేరు పెట్టకూడదు. రెండో వరుసలో మొదటి 1 మూడో నిలువు వరుసలో ఉంది, అంటే అది x3 సంగతి. సున్నా వరుస ఒక్కటే ఉంది కాబట్టి ఫ్రీ కూడా ఒక్కటే, x4.

చాక్‌పీస్: మొదటి మాట కరెక్టు, రెండోది కాదు. సున్నా వరుసలు లెక్కపెడితే మోసపోతాం. ఆ వరుస కొట్టేసినా జవాబు మారదు కదా, మరి అప్పుడు ఫ్రీ వేరియబుల్సే లేవంటారా? వేరియబుల్స్ 4, పివట్లు 2, కాబట్టి ఫ్రీ 2. పివట్ లేని నిలువు వరుసలు రెండోది, నాలుగోది. x2 = s, x4 = t అనుకోండి.

మొదటి వరుస నుంచి x1 = 5 + 2s − 3t, రెండో దాని నుంచి x3 = 2 + t. అవతలి వైపుకు వెళ్లగానే గుర్తు మారుతుంది, చాలామంది జారేది అక్కడే. ఇప్పుడు x2 = s, x4 = t అనే రెండు లైన్లూ కలిపి నాలుగూ రాయాలి. అవి వదిలేస్తే వెక్టర్లో రెండే అంకెలు మిగులుతాయి.

```
x = (5,0,2,0) + s(2,1,0,0) + t(-3,0,1,1)
```

s, t పక్కనున్న వెక్టర్లను ఎడమవైపు సమీకరణాల్లో పెడితే 0 రావాలి, (5,0,2,0) పెడితే 5, 2 రావాలి. మీ జవాబులో x3, x4 రెండూ 0 చేస్తే రెండో వరుస 0 = 2 అంటుంది.

గేట్_రెండోసారి: నాకు ఆన్సర్ కీలో మొదటి వెక్టర్ (7,1,2,0) అని ఉండేది. గంటసేపు నా తప్పు వెతుక్కున్నాను.

చాక్‌పీస్: s = 1, t = 0 పెట్టండి, అదే వస్తుంది. మొదటి వెక్టర్ ఏ ఒక్క పరిష్కారమైనా సరిపోతుంది.

గోదారోడు: సున్నా వరుసల సంగతి ఒప్పుకుంటున్నా. మరి x1 ని ఫ్రీ చేసి x2 ని దాంట్లోంచి రాయొచ్చా?

చాక్‌పీస్: రాయొచ్చు, x2 = (x1 + 3x4 − 5)/2. పరిష్కారాలన్నీ అవే వస్తాయి, భిన్నాలు మాత్రం మెడకు చుట్టుకుంటాయి. x3, x4 రెండింటినీ ఫ్రీ అనడం మాత్రం కుదరదు, రెండో వరుస వాటిని ముడి వేసేసింది.

మొదటేడు_బీటెక్: అర్థమైంది మాస్టారూ. పరీక్షలో అలా x1 ఫ్రీ అని రాస్తే మార్కులేస్తారా?

గేట్_రెండోసారి: మా కాలేజీలో ఒక సారు వేశారు, ఇంకొకరు కొట్టేశారు.