బ్లాంకింగ్ తర్వాత షీటులో మిగిలే రంధ్రం పంచ్ కొలతకు వస్తుందా, డై కొలతకు వస్తుందా?

డిప్లొమా రెండో ఏడు:
2 మి.మీ. మందం గల మెత్తటి మైల్డ్ స్టీల్ షీటు నుంచి 40 మి.మీ. వ్యాసం గల బిళ్లలు కత్తిరించాలి. పంచ్‌కూ డైకీ మధ్య క్లియరెన్స్ ఎంత ఉండాలి? బిళ్ల పోయాక షీటులో మిగిలే రంధ్రం ఎంత ఉంటుంది? ఒక మిత్రుడు 40 అంటున్నాడు, మరొకడు తక్కువ అంటున్నాడు.

ప్రెస్ షాపు సూపర్‌వైజర్:
40 మి.మీ. బిళ్ల ఏ రంధ్రంలోంచి ఊడివచ్చిందో ఆ రంధ్రం కూడా 40 మి.మీ. ఉండక తప్పదు కదా. డై 40 చేయించండి. క్లియరెన్స్ మందంలో 10 శాతం, అంటే 0.2 మి.మీ., కనుక పంచ్ 39.80 అవుతుంది. మా షాపులో ఏళ్ల తరబడి ఇదే లెక్కతో పని నడుస్తోంది, బిళ్లలు ఎన్నడూ తిరిగి రాలేదు.

పాత టూల్‌రూమ్ మనిషి:
సూపర్‌వైజర్ గారి డై కొలత సరైనదే, బిళ్లలు తిరిగి రాకపోవడంలోనూ వింత లేదు. కానీ రంధ్రం విషయంలో ఆయనతో ఏకీభవించలేను.

పంచ్ షీటులోకి దిగేటప్పుడు లోహం ముందు కొంత లోతు వరకు నునుపుగా తెగుతుంది, ఆపైన పంచ్ అంచు దగ్గరా డై అంచు దగ్గరా పగుళ్లు పుట్టి, ఒకదానికొకటి ఎదురుగా వచ్చి కలుసుకుంటాయి, మిగతా మందం చిరిగిపోతుంది. బిళ్ల డైలోకి దిగుతుంది కనుక దాని చుట్టూ ఉన్న నునుపు పట్టీ డై గోడకు రాసుకుని డై కొలత తీసుకుంటుంది. షీటు మాత్రం పంచ్‌ను పట్టుకుని ఉంటుంది కనుక రంధ్రంలోని నునుపు పట్టీ పంచ్ కొలతకు వస్తుంది. ఒకే దెబ్బకు పుట్టినా ఈ రెండింటికీ కొలత ఇచ్చే పనిముట్లు వేరు. అందుకే బిళ్ల కావలసినప్పుడు డైని బిళ్ల కొలతకు చేసి, క్లియరెన్స్‌ను పంచ్‌లో తగ్గిస్తాం. రంధ్రం కావలసినప్పుడు పంచ్‌ను రంధ్రం కొలతకు చేసి, క్లియరెన్స్‌ను డైలో కలుపుతాం.

ఇక అంకెలకు వద్దాం. మెత్తటి కోల్డ్ రోల్డ్ ఉక్కుకు ఒక్కో వైపు మందంలో 6 శాతం తీసుకోవడం పరిపాటి, అంటే 0.12 మి.మీ. వ్యాసంలో ఇది రెండు వైపులా పడుతుంది కనుక 0.24. డై 40.00, పంచ్ 39.76, షీటులో మిగిలే రంధ్రం సుమారు 39.76. సూపర్‌వైజర్ గారి 10 శాతం మొత్తం క్లియరెన్స్, ఒక్కో వైపుకు చూస్తే 5 శాతమే. అందుకే ఆయన పని బాగా నడుస్తోంది.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు:
అదే అంకె సూత్రంతోనూ వస్తుంది. షియర్ బలం 350 మెగాపాస్కల్ అనుకుంటే,

```
c = 0.0032 × t × √τ
  = 0.0032 × 2 × √350 ≈ 0.12 mm
```

ఇది ఒక వైపు విలువ. పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే: సూత్రం ఇచ్చినదాన్ని వ్యాసం నుంచి ఒక్కసారే తీసేసి 39.88 అని రాస్తారు.

మోటారు లామినేషన్ల పని:
మా దగ్గర 0.5 మి.మీ. సిలికాన్ స్టీల్. స్టేటర్ నుంచి తెగిన బిళ్లనే రోటర్‌గా వాడతాం. అంటే మీరన్న రెండు కొలతలూ మాకు కావాలి. ఈ లెక్కన ఒక్కో వైపు 0.03 మి.మీ. ఖాళీ మాత్రమే దొరుకుతుంది, మోటారు తిరగడానికి అది చాలదు. అయితే క్లియరెన్స్‌ను పెంచేయవచ్చా?

పాత టూల్‌రూమ్ మనిషి:
ఆ దారి వద్దండి. గాలి ఖాళీని క్లియరెన్స్‌తో సంపాదించబోతే అంచులన్నీ బర్‌తో నిండిపోతాయి, పేర్చిన రేకులు బర్ల ద్వారా ఒకదానికొకటి తగిలి కరెంటు నష్టం పెరుగుతుంది. రోటర్‌ను డై కాస్టింగ్ తర్వాత లేత్ మీద టర్నింగ్ చేసి ఖాళీ తెచ్చుకోవడమే మేలు. అయితే ఇది అడిగిన ప్రశ్నకు కొంచెం పక్కదారి.

ప్రెస్ షాపు సూపర్‌వైజర్:
పుస్తకం లెక్క సరే. కానీ నేను స్క్రాప్ స్ట్రిప్‌ను తిరగేసి వెర్నియర్ పెట్టి చూశాను. 39.95 దాకా చూపిస్తోంది. దీనికేమంటారు?

పాత టూల్‌రూమ్ మనిషి:
మీరు కొలిచింది డై వైపు. ఆ వైపు గోడ చిరిగిన భాగం, పగులు పంచ్ అంచు నుంచి డై అంచు వైపు వాలుగా నడిచింది కనుక రంధ్రం కిందికి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. అడుగున డై కొలతకు దగ్గరగా రావడం సహజమే. దాన్ని రంధ్రం కొలత అనలేం, ఎందుకంటే అందులో దూరే పిన్ను ఇరుకైన చోటుతోనే నిర్ణయమవుతుంది. పంచ్ దిగిన వైపు నుంచి ప్లగ్ గేజ్ పెట్టి చూడండి. 39.85 గేజ్ ఆగిపోవాలి. క్లియరెన్స్ బిగువుగా ఉంటే పంచ్ బయటికి వచ్చాక రంధ్రం కాస్త ముడుచుకుని, పంచ్ కన్నా కొన్ని మైక్రాన్లు తక్కువగా కూడా రావచ్చు.

టరెట్ పంచ్ ఆపరేటర్:
నేను ఒప్పుకోనిది 6 శాతం అనే అంకెను. టరెట్ ప్రెస్‌లో మైల్డ్ స్టీల్‌కు మేము మొత్తం 20 శాతం పెడతాం, ఈ షీటుకు 0.4 మి.మీ., అంటే ఒక్కో వైపు 10 శాతం. పంచ్ సులువుగా బయటికి వస్తుంది, ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది. బిగువు క్లియరెన్స్‌తో పంచ్ పక్కలు అరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

పాత టూల్‌రూమ్ మనిషి:
మీ మాటలో బలముంది, ఈ తగాదా తెగేది కాదు. టరెట్‌లో పంచ్ ఒంటరిగా దిగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు షీటు పట్టు వదలడం ముఖ్యం. పైగా అక్కడ చాలావరకు రంధ్రమే కావాలి, ఊడిపడిన ముక్క చెత్త. మా బిళ్ల విషయంలో ముక్కే వస్తువు. 10 శాతం పెడితే దాని అంచు మరింత గుండ్రబడుతుంది, నునుపు పట్టీ సన్నబడుతుంది, వాలు పెరుగుతుంది. కొనుగోలుదారుకు అది పట్టకపోతే 8 శాతం వరకు నేనూ వెళ్తాను.

తెగిన అంచును భూతద్దంతో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నునుపు పట్టీ మందంలో మూడో వంతు దగ్గరగా, చుట్టూ ఒకే వెడల్పున ఉంటే సరిపోయింది. చిరిగిన భాగం మధ్యలో రెండో నునుపు పట్టీ కనిపిస్తే పగుళ్లు కలుసుకోలేదు, క్లియరెన్స్ తక్కువ. బర్ ఒక పక్క మాత్రమే లావుగా ఉంటే క్లియరెన్స్ అంకెను తప్పు పట్టకండి, పంచ్ పక్కకు జరిగింది.

డిప్లొమా రెండో ఏడు:
డ్రాయింగ్‌లో బిళ్ల 40 ± 0.1 అని ఉంది. అయితే డైని సరిగ్గా 40కే చేయించాలా?

పాత టూల్‌రూమ్ మనిషి:
నేనైతే 39.93 దగ్గర మొదలుపెడతాను. డై అరిగేకొద్దీ బిళ్ల పెరుగుతుంది, తగ్గే అవకాశం లేదు. డై లోపలి గోడకు అంచు నుంచే అర డిగ్రీ వాలు ఇచ్చి ఉంటే, పదును కోసం 1 మి.మీ. గ్రైండింగ్ చేసిన ప్రతిసారీ నోరు సుమారు 0.017 మి.మీ. పెద్దదవుతుంది. అంచు కింద కొన్ని మి.మీ. నిటారు గోడ ఉంచితే ఆ భాగం అయిపోయేదాకా ఈ బాధ ఉండదు. పంచ్ 39.69, రంధ్రమూ దాదాపు అంతే.

టరెట్ పంచ్ ఆపరేటర్:
నిటారు గోడలో బిళ్లలు పేరుకుని ఇరుక్కుంటాయి, అది కూడా చెప్పండి. నాకైతే వాలే నయం.