పూసపాటిలో ‘పాటి’ సంగతి, నాగులేటి నీళ్ళ సాక్షిగా

సత్యవతి (విజయనగరం): శ్రీనాథుడి పలనాటి చాటువు చివరి పాదం ‘పలనాటి సీమ పల్లెటూళ్ళు’ అనా, ‘పల్లెనాటి సీమ’ అనా? రెండూ విన్నట్టే ఉంది. నిన్న ఈ పద్యం చెబుతుంటే ఒక పిల్లవాడు, ‘పలనాడు పలనాటి అయితే మన కోట రాజుల ఇంటిపేరు పూసపాటి పూసపాడు అవుతుందా టీచర్?’ అన్నాడు. వెనక బెంచీవాడు ‘కాదు, పూసలు అమ్మినవాళ్ళు’ అని తేల్చేశాడు. పెద్దలు చెప్పాలి.

నరసింగరావు మాస్టారు (బొబ్బిలి): ముందు పద్యం. పల్లె, నాటి, సీమ, పల్లె, టూళ్ళు. అయిదూ హగణాలు, ఆటవెలదికి చక్కగా సరిపోయాయి. ‘పలనాటి’ అంటే మొదటి గణం దగ్గరే పాదం కుంటుతుంది. చాలామంది ఊరి పేరు తెలుసన్న ధైర్యంతో పద్యాన్ని సరిదిద్దేస్తారు.

భాస్కరరావు (శ్రీకాకుళం): మాస్టారూ, గణాల మాట అలా ఉంచండి, ఆ వెనక బెంచీవాడి మాటలో తప్పేముంది? పూసలవారు ఉన్నారు కదా. ఇంగ్లీషువారి స్మిత్, జర్మన్ల ష్మిట్, హంగరీవారి కొవాచ్, అందరూ కమ్మరులే. ఇంటిపేర్లు వృత్తుల నుంచి పుట్టాయన్నది లోకమంతా ఒప్పుకున్న సంగతి.

నరసింగరావు మాస్టారు: లోకం ఒప్పుకున్నది లోకానికి. వృత్తి నుంచి వచ్చి ఉంటే ‘పూసల’ అని ఆగిపోయేది. ‘పాటి’ ఎందుకు తగిలింది? అమ్మకందారు పేరులో ఆ తోక పనేమిటి? బాలవ్యాకరణంలో, విభక్తి చేరేముందు మాట చివర వచ్చే ఔపవిభక్తికాలు ఇ, టి, తి. నాడు నాటి అయింది, ఏరు ఏటి అయింది, పాడు పాటి అయింది. మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం విభక్తి తగిలించుకున్న ఊరి పేర్లే. కందుకూరు వారు కందుకూరి, వేటూరు వారు వేటూరి. ‘వారు’ చేర్చి పలికి చూడండి. పూసపాడు వారు అని ఎవరూ అనరు, పూసపాటివారు అంటారు.

లక్ష్మీనారాయణ (ఆమదాలవలస): పద్యంలోనే మరో చిక్కు ఉంది. ‘నాగులేటి నీళ్ళు’ అన్నా ‘నాగులేరు నీళ్ళు’ అన్నా గణాలు సరిపోతాయి. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, వ్యాకరణమే చెప్పాలి. మాస్టారు ఛందస్సు ఒక్కటే చాలన్నట్టు మాట్లాడారు కనుక గుర్తు చేస్తున్నాను.

నరసింగరావు మాస్టారు: చాలని నేననలేదు.

వెంకటరమణ (పార్వతీపురం): పాటి అంటే పాడు కాకపోవచ్చు. మా వైపు పాత ఊళ్ళు కూలిపోయిన దిబ్బను పాటిదిబ్బ అంటాం, అక్కడి మన్ను పాటిమన్ను. పొలాలకు ఎరువుగా తోలేవారు. వాన వెలిసిన మర్నాడు అలాంటి దిబ్బ మీద తిరిగితే పెంకులతో పాటు రంగు పూసలూ కనిపిస్తాయి. పూసలు దొరికే పాటి, పూసపాటి. ఎంత సొగసుగా కుదిరిందో చూడండి!

లక్ష్మీనారాయణ: సొగసుగా కుదిరినవే నాకు అనుమానం, రమణగారూ. మీ మాటతో ఒక్క ఇంటిపేరు మాత్రమే విడుతుంది. పాడు అనుకుంటే పాటి తోక ఉన్న పేర్లు వరుసగా విడిపోతాయి, వాటిలో చాలావాటికి పాడు అనే ఊళ్ళు నేటికీ ఉన్నాయి. అయితే మీ పాటిదిబ్బలోని పాటి కూడా ‘పాడుపడిన’ అన్నప్పటి పాడు నుంచే వచ్చిందనుకుంటే మీరిద్దరూ ఒకే ఇంటివారవుతారు. ఊరికి పెట్టే పాడు, పాడుపడటంలోని పాడు ఒకటేనా అన్నది వేరే తగాదా.

సుధారాణి (విశాఖ): మా అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు రాయాలా, చివర రాయాలా? ఇక్కడ అందరూ తెలిసినవారు కనుక అడుగుతున్నాను.

భాస్కరరావు: అమ్మా, అది వేరే సభ. దరఖాస్తులో ఇంటిపేరుకు గడి విడిగా ఉంటుంది, అందులో రాయండి.

సత్యవతి: మాస్టారూ, పూసపాడే అనుకుందాం. మరి ఆ ఊరు ఎక్కడ? నేను పుట్టిపెరిగింది ఇక్కడే, ఈ చుట్టుపక్కల ఆ పేరు వినలేదు.

నరసింగరావు మాస్టారు: ఇక్కడ వెతకడమే పొరపాటమ్మా. ఊళ్ళో ఉన్నంతకాలం ఊరి పేరుతో ఎవరినీ పిలవరు, అందరిదీ అదే ఊరు కదా. ఊరు వదిలి వచ్చాక, వచ్చిన చోటివాళ్ళు ‘ఫలానా ఊరివారు’ అంటారు. కాబట్టి ఇంటిపేరు చెప్పేది ఉన్న ఊరిని కాదు, వదిలిన ఊరిని. విజయనగరం కోట 1713లో మొదలైంది, పూసపాటి అన్న పేరు అంతకు ముందే ఉంది. గురజాడవారిని చూడండి. ఆయన రాసింది చాలావరకు మన విజయనగరంలో, గురజాడ ఊరేమో కృష్ణా జిల్లాలో. పూసపాడు కూడా కృష్ణా వైపే.

లక్ష్మీనారాయణ: ఇంకొల్లు దగ్గరా ఒక పూసపాడు ఉంది. ఏ పూసపాడో మాస్టారు ఎలా తేల్చారు?

నరసింగరావు మాస్టారు: వంశచరిత్ర చెప్పేది కృష్ణా వైపు.

లక్ష్మీనారాయణ: వంశచరిత్రలు రాయించుకున్నవారు ఎవరో మనకు తెలుసు. పూసపాడుకు రెండు ఊళ్ళే పోటీ. కొత్తపల్లివారికి జిల్లాకో పది కొత్తపల్లులు, వారి గతి ఆలోచించండి. అప్పుడు ఊరి పేరును పక్కన పెట్టి గోత్రం, ఇలవేల్పు, పాత వియ్యాలు ఎటువైపో చూడాలి. ఇంటిపేరు ఒకటై గోత్రాలు వేరైతే ఒకే ఊరి నుంచి వేరువేరు కుటుంబాలు బయలుదేరాయని అర్థం, రక్తసంబంధం ఉందని కాదు. ఒకే ఇంటిపేరు పొత్తులేని కులాల్లో కనిపిస్తే అది వృత్తి పేరు కాదు, ఊరి పేరే అయి ఉంటుంది. నేను మొదట చూసేది ఇదే.

రాజేశ్వరి (టెక్కలి): మా పుట్టింటివారు ‘పట్నాయకుని’. టి లేదు, ఊరూ లేదు. మరి మేమేమిటి?

లక్ష్మీనారాయణ: మీ పేరులో ‘ని’ చూడండి. పట్నాయకుడు, పట్నాయకుని. డు పోయి ని వస్తే అది మనిషి, లేదా హోదా. ఒడిశా సరిహద్దున ఉన్నాం కనుక పట్నాయక్ అన్న హోదా ఇటు వచ్చి తెలుగు విభక్తి తొడుక్కుంది. భాస్కరరావుగారు వెతుకుతున్న వృత్తి పేరు ఇదిగో, ఇక్కడ దొరికింది. హరికథా పితామహుడి ఆదిభట్ల కూడా ఇలాంటిదే, భట్లు భట్ల అయింది. ఊరు కాదు, మూలపురుషుడు.

భాస్కరరావు: అంటే నేను సగం గెలిచాను. మా అమ్మాయి వేల్స్‌లో ఉంటుంది, అక్కడి సంగతి ఒకటి చెబుతాను. ప్రైస్ అన్న ఇంటిపేరు ధర కాదట. రీస్ కొడుకును ‘ఆప్ రీస్’ అనేవారు. ఆ ప్ రీస్‌కు అంటుకుని ప్రైస్ అయింది. హవెల్ కొడుకు అలాగే పవెల్. తండ్రి పేరు నుంచి వచ్చినవి. ఒక్క అక్షరం ఎటు అంటుకుందో తెలియకపోతే అర్థమంతా తారుమారు.

నరసింగరావు మాస్టారు: వాళ్ళకు ముందు అంటుకుంటుంది, మనకు వెనక.

వెంకటరమణ: పూసపాటిలో ముందున్న ‘పూస’ సంగతి ఎవరూ చెప్పలేదు. పాడు ఊరే అయినా, ఆ ఊరికి పూస ఎందుకు వచ్చింది? మళ్ళీ నా దిబ్బ దగ్గరికే వస్తారు మీరు.

లక్ష్మీనారాయణ: రావచ్చు. కానీ అది ఇంటిపేరు ప్రశ్న కాదు, ఊరి పేరు ప్రశ్న. రెండు పొరలు. మొదటిది విప్పాం, రెండో దానికి మీ వానలో తడిసిన పూసలు తప్ప సాక్ష్యం లేదు.

నరసింగరావు మాస్టారు: శ్రీనాథుణ్ణి వదిలేశారు. పలనాటి మీద ఆయనకు అంత కోపం సన్నన్నం దొరకనందుకేనంటాను. సజ్జ జొన్నకూళ్ళంటూ ఏకరువు పెట్టింది అందుకే.

లక్ష్మీనారాయణ: కోపం కాదు మాస్టారూ, వేళాకోళం. అంత ఇష్టంగా తిట్టినవాడు ఆ కూడు తినకుండా ఉంటాడా?

సత్యవతి: పిల్లలకు ‘పల్లెనాటి’ అనే చెబుతాను. పాలవలస అన్న ఇంటిపేరు గురించి కూడా అడిగారు, దానికి టి లేదు, ని లేదు.

రాజేశ్వరి: వలస అన్న తోక ఉన్న ఊళ్ళు మన జిల్లాల్లో లెక్కలేనన్ని ఉన్నాయమ్మా, పాలవలసలూ ఉన్నాయి. ‘అ’కారంతో ముగిసిన ఊరి పేరు విభక్తి పట్టకుండా అలాగే ఉండిపోతుంది. అక్కడ పాలు ఆవు పాలా, వాటా అన్న పాలా అన్నది మాత్రం మా మామగారికీ మాకూ ఇంకా తగాదానే.

వెంకటరమణ: పాలచెట్టు అనుకోకూడదా?