ఒకరి మంచి చూసి కలిగే బాధని ‘ఏడుపు’ అని ఎందుకంటాం?

కలువపూలు: అందరికీ నమస్కారం. ఆటోల వెనక, లారీల వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాసుంటుంది కదా. ‘వాడి ఏడుపు తగిలింది’, ‘మా మీద పడి ఏడుస్తున్నారు’ అని కూడా రోజూ అంటూనే ఉంటాం. అసూయ అంటే మంట అనో కోపం అనో అనుకుంటాం గదా, మరి మాటకొచ్చేసరికి ఏడుపు ఎందుకైంది? ఊరికే అడగడం లేదు. నా డిగ్రీ స్నేహితురాలి కథల సంపుటి వచ్చింది. మేమిద్దరం ఒకే బెంచీ, కాలేజీ గోడపత్రికకి ఇద్దరం రాసేవాళ్ళం. తను పోయినేడు ఫ్లాట్ కొంటే గృహప్రవేశంలో పొద్దున్నించీ పని చేసి, నిజంగా సంతోషంగా ఇంటికొచ్చాను. పుస్తకం ఫొటో చూసినప్పుడు మాత్రం లోపల ఏదో పట్టేసినట్టయింది. ‘కంగ్రాట్స్’ అని పెట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. దీనికి సరైన మాట ఏది? ఈర్ష్యా, అసూయా, కుళ్ళా?

గోదారిగట్టు: అన్నీ ఒకటేనండీ. నిఘంటువు తీస్తే ఈర్ష్య ఎదురుగా అసూయ, అసూయ ఎదురుగా ఈర్ష్య ఉంటాయి. సంస్కృతంలో చెప్తే పెద్దమనిషి తరహాగా ఉంటుంది, తెలుగులో చెప్తే కుళ్ళు, అంతే తేడా.

మానుకోట తమ్ముడు: మా దిక్కు ‘కండ్లల్ల నిప్పులు పోసుకునుడు’ అంటరు అక్కా. నాకైతే మా ఆఫీసుల ఒకాయనకి కెనడా పీఆర్ వచ్చింది, నాకు రాలే. రోజూ ఆ ముచ్చటే చెప్తడు. లంచ్‌కి వేరే టేబుల్ చూసుకుంటున్న. ఇసొంటోళ్ళతోని ఎట్ల మెలగాలె?

కలువపూలు: తమ్ముడూ, మీ బాధ అర్థమైంది గానీ నేను అడిగింది ఎట్లా మెలగాలని కాదు, మాట గురించి.

పాతపుస్తకం: గోదారిగట్టు గారూ, వాడుకలో కలిసిపోయిన మాట నిజమే, కానీ మొదట ఒకటి కాదు. అమరకోశం నాట్యవర్గంలో ఒకే పంక్తిలో రెండింటినీ విడదీశాడు: ‘అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి’. ఓర్వలేకపోవడం ఈర్ష్య. గుణం ఉన్నచోట కూడా తప్పు అంటగట్టడం అసూయ. అంటే ఈర్ష్య లోపల జరిగేది, అసూయ నోటితోనో మనసుతోనో చేసే పని. ఇక నానార్థవర్గంలో మత్సరం ఉంది, ‘మత్సరోఽన్యశుభద్వేషే’, ఇంకొకరి మంచి గిట్టకపోవడం. అక్కడే ఆ మాటకి లోభి అనే అర్థం కూడా ఇచ్చాడు. మనది పోకపోయినా, లోకంలో ఉన్న మంచి ఇంకొకరికి చేరితేనే ఓర్వలేని వాడూ, చేతిలోది వదల్లేని వాడూ ఒకే మాట కిందికి వచ్చారు. అమరుడు ఊరికే జత చేశాడని నేననుకోను.

కలువపూలు గారూ, మీకొక ప్రశ్న. ఆ పుస్తకం చూశాక దానిలో తప్పులు ఏమన్నా కనపడ్డాయా?

కలువపూలు: కనపడ్డాయండీ. పుస్తకం తెప్పించుకున్న రోజే మొదటి కథ మొదటి పేజీలో ‘సంధర్భం’ అని ఒత్తు తప్పు పడి ఉంది, అదే ముందు కళ్ళకి తగిలింది. అట్ట మీద రంగులు ఎక్కువయ్యాయి అనిపించింది. మూడో కథ నిజంగా బావుంది, కానీ ‘ఇది మా కాలేజీ రోజుల సంఘటనే కదా, ఇందులో కల్పన ఏముంది’ అని వెంటనే మనసులో అనుకున్నాను. బావున్న కథకే వంక పెట్టాను.

పాతపుస్తకం: అచ్చుతప్పు ఉన్నదే, అది దోషమే, దాన్ని చూడటం అసూయ కాదు. మూడో కథ దగ్గర మీరన్నదే ‘దోషారోపో గుణేష్వపి’. మరి ఫొటో చూడగానే పట్టేసినట్టయిందన్నారే, అది ఈర్ష్య. రెంటికీ మధ్య ఒక రోజో రెండు రోజులో తేడా ఉంటుంది చాలామందిలో. ముందు ఓర్వలేకపోవడం, అది నిలవలేక తప్పు వెతుక్కోవడం.

ఇప్పుడు ఏడుపు సంగతి. ఈర్ష్యకి తద్భవం ‘ఈసు’. నంది తిమ్మన పారిజాతాపహరణంలో పద్యం చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది:

ఈసునఁ బుట్టి డెందమున హెచ్చిన శోకదవానలంబుచేఁ
గాసిలి యేడ్చెఁ బ్రాణవిభు కట్టెదురన్ లలితాంగి...

నారదుడు తెచ్చిన ఒక్క పారిజాతం కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. చెలికత్తె వచ్చి సత్యభామకి చెప్పింది. చెప్పగానే ఏడవలేదు ఆవిడ. ‘అన విని వ్రేటువడ్డ యురగాంగనయుం బలె, నేయి వోయ భగ్గన దరికొన్న’ మంటలా లేచింది. దెబ్బ తిన్న ఆడపాములాగా, నెయ్యి పోసిన నిప్పులాగా. అది కోపం. తర్వాత అలకగది, కృష్ణుడు కాళ్ళ మీద పడటం, ఆవిడ ఎడమకాలితో తన్నడం, ఇవన్నీ అయ్యాక అప్పుడు ఏడ్చింది. పద్యంలో వరస చూడండి: ఈసులో పుట్టింది శోకం, ఆ శోకం పెరిగి కార్చిచ్చయింది, దానివల్ల నలిగిపోయి ఏడ్చింది. ఈసుకి బిడ్డ కోపం అనలేదు, శోకం అన్నాడు. మీరడిగిన ‘ఏడుపు’కి నాకు తోచే దారి ఇదే. పైన కనపడేది మంట, అడుగున ఉన్నది పోగొట్టుకున్న బాధ. ఏమీ పోకపోయినా పోయినట్టు.

గోదారిగట్టు: ఆ తన్నిన ఘట్టం రాయలవారి ఇంట్లో జరిగిందే కదా మాస్టారూ? తిరుమలదేవి కాలు రాయలకి తగిలితే ఆయన అలిగితే, ఆయన్ని మెప్పించడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడు.

పాతపుస్తకం: అది జనం చెప్పుకునే కథ. తిమ్మన రాయల కొలువులోని వాడు, కావ్యం రాయలకే అంకితం, అంతవరకు ఖాయం. పడకగది సంగతి మాత్రం తర్వాతి వాళ్ళు అల్లుకున్నదే, ఆధారం లేదు. అది పక్కన పెట్టినా పద్యం బలం తగ్గదు.

చెన్నపట్నం కోడలు: నాకు ఒక్కటి అడ్డం తగులుతోంది. సత్యభామకి పువ్వు కావాలా? తులాభారం కథలో బంగారం రాసులు పోయించిన మనిషి, పువ్వుకి ఏడుస్తుందా? చెలికత్తె చేరవేసిన కబురులో పువ్వు కంటే, రుక్మిణిని నారదుడు పొగిడిన మాటలే ఎక్కువ గుచ్చుకున్నాయి. అందుకే కృష్ణుడు ఇంకో పువ్వు తెస్తాననలేదు, ఏకంగా చెట్టునే తెస్తానన్నాడు. ఆమెకి రుక్మిణి పక్కన సమానంగా ఉండటం చాలదని ఆయనకి తెలుసు. కాబట్టి ‘నీ ఈర్ష్య నీకేం కావాలో చెప్తుంది’ అని ఈమధ్య అందరూ అంటున్న మాట పూర్తిగా ఒప్పుకోలేను. కొన్నిసార్లు అది వస్తువుని చెప్పదు, మెట్టుని చెప్తుంది. నీ కింద ఉండాల్సిన మనిషి నీ పైన ఉంది, అంతే.

పాతపుస్తకం: ఒప్పుకుంటాను, కానీ ఒక చిన్న మాట. తిమ్మన ‘ప్రాణవిభు కట్టెదురన్’ అన్నాడు. చెలికత్తె ముందు ఏడవలేదు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏడ్చిందని కవి చెప్పలేదు, సరిగ్గా ఆయన ఎదురుగా ఏడ్చింది. కోపం ఎవరి ముందైనా పడగ విప్పుతుంది. ఏడుపు మాత్రం ఇవ్వగల మనిషి ఎదుటే వస్తుంది. రుక్మిణిని చూసి కలిగిన ఈసు రుక్మిణి దగ్గర తేలదు. అందుకని ‘నాకేం కావాలి’ అనే ప్రశ్నతో పాటు ‘ఎవరి ఎదుట’ అని కూడా అడుక్కోవాలి.

చెన్నపట్నం కోడలు: అది బావుంది. అయితే కలువపూలు గారూ, విడదీసి చూడండి. పుస్తకంలో ఏది గుచ్చుకుంది? అదే పుస్తకం తను వేరే పేరుతో, ఎవరికీ చెప్పకుండా వేసుంటే మీకు ఈ పట్టేసినట్టు ఉండేదా? డబ్బు పెట్టి తనే అచ్చు వేయించుకుందని తెలిస్తే తగ్గేదా? అసలు తన పుస్తకం రాకపోయుంటే మీరు హాయిగా ఉండేవారా?

కలువపూలు: రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. తను డబ్బు పెట్టుకుంది, అది నాకు ముందే తెలుసు, దానివల్ల ఏం తగ్గలేదు. వేరే పేరుతో వేసుంటే సగం ఉండేది. ఎందుకంటే మిగతా సగం ఫొటోలో ఉంది. పుస్తకం పట్టుకుని నిలబడింది తనొక్కతే కాదు, మా డిగ్రీ తెలుగు లెక్చరర్ గారు పక్కనే ఉన్నారు. ముందుమాట ఆయనదే. నా కథ మీద ఎర్ర సిరాతో ‘ఇంకా రాయి’ అని రాసిచ్చింది ఆయనే, ఆ కాయితం ఇప్పటికీ బీరువాలో ఉంది. పెళ్ళయ్యాక పూనా వచ్చేశాం, రాయడం ఆగిపోయింది, ఎవరూ ఆపలేదు, అట్లా ఆగిపోయింది. మాస్టారు అన్న ‘కట్టెదురన్’ చదివినప్పుడు నాకు లెక్చరర్ గారి మొహమే కనపడింది.

తన పుస్తకం రాకపోతే హాయిగా ఉండేదాన్నా అంటే, లేదు. మెల్లగా మర్చిపోయి ఉండేదాన్ని, హాయి వేరు. ఫ్లాట్ విషయంలో ఏమీ అనిపించకపోవడానికి కారణం కూడా ఇదేనేమో, నాకు ఇల్లు మీద అంత కోరిక ఎప్పుడూ లేదు.

మానుకోట తమ్ముడు: ఈ లెక్కన చూస్తే నా కెనడా ముచ్చట వేరేనేమో అక్కా. ఆయనకి పీఆర్ రాకుంటే నాకు ఆ ఊసే లేకుండె. నిజం చెప్పాలంటే నాకు పోవాలని కూడ లేదు, అమ్మ ఒక్కతే ఉంటది ఇక్కడ. ఆయన టీమ్‌ల నా తర్వాత చేరిండు, అది గుచ్చుతున్నది.

చెన్నపట్నం కోడలు: తమ్ముడిది మెట్టు. కలువపూలు గారిది కథా, లెక్చరర్ గారి మెప్పా అన్నది నాకింకా తేలలేదు. రేపు ఆయన మెచ్చుకోకుండా మీ కథ అచ్చయితే చాలా?

కలువపూలు: చాలదనే అనిపిస్తోంది ఇప్పటికి. ఆయన మెచ్చుకుని కథ అచ్చవకపోయినా చాలదు. రెండూ కావాలి, ఏది ముందో తెలియడం లేదు. స్నేహితురాలికి ఫోన్ చేసి మూడో కథ గురించి మాట్లాడాను, బావుందన్నాను, ఆ వాన సీను నాకు గుర్తే లేదని, తనే దాన్ని నిలబెట్టిందని చెప్పాను. ‘సంధర్భం’ సంగతి కూడా చెప్పాను, రెండో ముద్రణలో దిద్దుకుంటానంది.

గోదారిగట్టు: మాస్టారూ, అయితే ‘ఈసడించు’ కూడా ఈ ఈసులోంచే వచ్చిందా? ఓర్వలేక చీదరించుకోవడం, అర్థం దగ్గరగానే ఉంది.

పాతపుస్తకం: అర్థం దగ్గరైతే వ్యుత్పత్తి ఒకటి కానక్కర్లేదండీ. ‘సడించు’ అనే భాగాన్ని వివరించకుండా ఈసుకి ముడిపెట్టలేం. పాత ప్రయోగాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, చూద్దాం.